345 కిలోజౌళ్ల తేడా ఎక్కడిది? ఇథనాల్ దహనాన్ని రెండు దారుల్లో లెక్కగట్టే పద్ధతి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ప్లస్ టూ సైన్స్ చదివే మన పిల్లల దగ్గర చాలాసార్లు రెండు పుస్తకాలు కనిపిస్తాయి. ఒకటి కాలేజీలో చెప్పే పుస్తకం. రెండోది పార్వతీపురంలోనో విజయనగరంలోనో ఇంటర్ చదివిన అక్కో బావో ఇచ్చిన పాత పుస్తకం. బంధ ఎంథాల్పీల పట్టిక ఒక పుస్తకంలోంచి, ఫార్మేషన్ ఎంథాల్పీల పట్టిక ఇంకో పుస్తకంలోంచి తీసుకుని ఒకే చర్యకు లెక్క కడితే రెండు జవాబులు వస్తాయి. ఇథనాల్ మండే చర్యకు మొదటి దారిలో −1022, రెండో దారిలో −1367 వచ్చిందనుకోండి. తేడా 345. ఎందుకని అడిగితే అందరూ రాసే జవాబు ఒకటే: "బంధ ఎంథాల్పీలు సరాసరి విలువలు కాబట్టి."

పరీక్షలో దానికి మార్కు పడుతుంది. కానీ ఈ చర్య విషయంలో ఆ 345లో సరాసరి వల్ల వచ్చిన వాటా 3 కిలోజౌళ్లకు కొంచెం పైన, అంతే. మిగతాది వేరే చోట్ల నుంచి వచ్చింది. అది ఎక్కడిదో విడదీసి చూపించడమే ఈ లెక్కలో అసలు పని.

ఇథనాల్‌నే ఎందుకు తీసుకున్నానంటే, అది మనకు కొత్త పదార్థం కాదు. మన కొండల్లో ఇప్పపువ్వు పులియబెట్టి దింపే సారాలో మండేది ఇదే. ల్యాబులో స్పిరిట్ దీపంలో ఉండేదీ ఎక్కువగా ఇదే. సారాలో నీళ్లు కలిసి ఉంటాయి, ల్యాబ్ స్పిరిట్‌లో ఇంకేవో కలుపుతారు. అందుకే లెక్కకు స్వచ్ఛమైన ఇథనాల్ ఒక మోల్, అంటే సుమారు 46 గ్రాములు, తీసుకుందాం. ఇకపై యూనిట్ రాయని సంఖ్యలన్నీ మోల్‌కు కిలోజౌళ్లలో, 298 K దగ్గర ఉన్నవే.

1. ముందు సమీకరణాన్ని వాయువుల్లో రాయండి

C₂H₅OH(g) + 3O₂(g) → 2CO₂(g) + 3H₂O(g)

ఆ (g) గుర్తులు అలంకారానికి పెట్టినవి కావు. బంధ ఎంథాల్పీ అంటే వాయుస్థితిలో ఉన్న అణువులో ఒక బంధాన్ని తెంచి, వాయుస్థితిలోనే ఉన్న ముక్కలుగా చేయడానికి ఒక మోల్‌కు పట్టే వేడి. ద్రవంలో అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే బలం ఆ సంఖ్యలో ఎక్కడా లేదు. కాబట్టి ఈ దారిలో మీరు ఏం రాసినా, రాయకపోయినా, లెక్క మాత్రం వాయువులకే వస్తుంది. ప్రశ్నలో ద్రవం అని ఉంటే ఆ సంగతి పక్కన రాసి పెట్టుకోండి, తర్వాత కావాలి.

2. బొమ్మ గీసి బంధాలు లెక్కపెట్టండి

ఫార్ములా చూసి నోటిలెక్క వేయొద్దు. ఇథనాల్‌లో ఆరు హైడ్రోజన్లు కనిపిస్తాయి కాబట్టి C–H బంధాలు ఆరు అని రాసేవాళ్లు చాలామంది. నిజానికి ఐదే, ఆరో హైడ్రోజన్ ఆక్సిజన్‌కు అంటుకుని ఉంది. బొమ్మ గీస్తే ఇది దానంతట అదే తెలుస్తుంది.

తెంచాల్సినవి: C–H ఐదు, C–C ఒకటి, C–O ఒకటి, O–H ఒకటి, O=O మూడు.
ఏర్పడేవి: రెండు CO₂లలో C=O నాలుగు, మూడు నీటి అణువుల్లో O–H ఆరు.

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఒక చిన్న చిట్కా ఉంది. వలయం లేని ఏ అణువులోనైనా జతల సంఖ్య పరమాణువుల సంఖ్య కంటే ఒకటి తక్కువ ఉంటుంది (ద్విబంధాన్నీ ఒక జతగానే లెక్కపెట్టాలి). ఇథనాల్‌లో పరమాణువులు తొమ్మిది, బంధాలు 5 + 1 + 1 + 1 = 8. సరిపోయింది.

3. పట్టిక పెట్టి తీసివేయండి

పాఠ్యపుస్తకాల్లో మామూలుగా కనిపించే విలువలు ఇవి: C–H 414, C–C 347, C–O 351, O–H 464, O=O 498, C=O 741.

తెంచడానికి:
5×414 + 347 + 351 + 464 + 3×498 = 4726

ఏర్పడినప్పుడు వచ్చేది:
4×741 + 6×464 = 2964 + 2784 = 5748

ΔH = 4726 − 5748 = −1022

ఇక్కడ గుర్తు తారుమారు చేసేవాళ్లు ఎక్కువ. ఫార్మేషన్ పద్ధతిలో "ఉత్పన్నాల మొత్తం మైనస్ అభిచర్యకాల మొత్తం" అని నేర్చుకుని ఇక్కడా అదే వాడతారు. బంధాల లెక్కలో తెంచినది ముందు, ఏర్పడినది తర్వాత. తెంచడానికి వేడి పెట్టాలి, ఏర్పడితే వేడి వస్తుంది అన్నది గుర్తుంటే సూత్రం బట్టీ పట్టక్కర్లేదు. ఇంధనం మండే చర్యకు ప్లస్ వచ్చిందంటే ఎక్కడో తిరగబడిందని వెంటనే తెలిసిపోతుంది.

4. అదే చర్య ఫార్మేషన్ విలువలతో

ఫార్మేషన్ ఎంథాల్పీలు: CO₂(g) −393.5, H₂O(l) −285.8, C₂H₅OH(l) −277.7. ఆక్సిజన్ మూలకం కాబట్టి దానికి సున్నా.

ΔH = 2(−393.5) + 3(−285.8) − (−277.7) = −1366.7

ఇది కొలత మీద నిలబడ్డ సంఖ్య. ఇథనాల్ లాంటి కర్బన పదార్థాల ఫార్మేషన్ విలువను సాధారణంగా కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి నేరుగా కొలవరు, ఆ చర్య అలా జరగదు. పదార్థాన్ని కేలరీమీటర్‌లో కాల్చి, వచ్చిన వేడి నుంచి హెస్ నియమంతో వెనక్కి లెక్కగడతారు. అంటే దహనం కొలిచి ఫార్మేషన్ విలువ రాబట్టి, దాంతో మళ్లీ దహనం లెక్కగడుతున్నాం. ఇది సొంత డబ్బుకే వడ్డీ వేసుకున్నట్టు అనిపించినా తప్పేమీ లేదు. ఈ విలువ మీద నమ్మకం అంత గట్టిగా ఉండటానికి కారణమే అది.

5. తేడాను ముక్కలు చేయండి

ఇప్పుడు −1022, −1366.7 ఎదురుగా ఉన్నాయి. తేడా 344.7. దీన్ని ఒక్కసారిగా "సరాసరి" ఖాతాలో వేయకుండా, వరుసగా మూడు ప్రశ్నలు అడగండి.

మొదటి ప్రశ్న: రెండు లెక్కలూ ఒకే చర్యకేనా? కాదు. మొదటిదాంట్లో ఇథనాల్, నీరు రెండూ వాయువులు. రెండోదాంట్లో రెండూ ద్రవాలు. ద్రవ ఇథనాల్‌ను ఆవిరి చేయడానికి 42.6 కావాలి. నీటి ఆవిరి ద్రవంగా మారితే మోల్‌కు 44.0 చొప్పున మూడు మోళ్లకు 132.0 వస్తుంది. ఈ రెంటికీ తేడా 89.4. కాబట్టి 344.7లో 89.4 కిలోజౌళ్లకు బంధాలతో సంబంధమే లేదు, అది స్థితి మార్పు లెక్క.

ఫార్మేషన్ విలువలతోనే వాయువుల లెక్క వేసి దీన్ని సరిచూసుకోవచ్చు. H₂O(g)కి −241.8, C₂H₅OH(g)కి −235.1 తీసుకుంటే:

ΔH = 2(−393.5) + 3(−241.8) − (−235.1) = −1277.3

−1022ను పోల్చాల్సింది దీనితో. −1366.7తో పోలిస్తే రెండు వేర్వేరు చర్యలను పోల్చినట్టు అవుతుంది.

ఒక పక్కమాట. నిజమైన స్పిరిట్ దీపంలో ద్రవ ఇథనాల్ ఉంటుంది, నీరు మాత్రం ఆవిరిగా గాలిలో కలిసిపోతుంది. దానికి సరిపోయే విలువ ఈ రెండూ కాదు, −1234.7. గ్రాముకు సుమారు 26.8 కిలోజౌళ్లు. నీరు ద్రవమయ్యేదాకా వేడిని పట్టుకోగలిగితే గ్రాముకు 29.7. ఇంధనాల పట్టికల్లో ఒకే ఇంధనానికి రెండు కేలరిఫిక్ విలువలు కనిపించేది ఇందుకే.

రెండో ప్రశ్న: పట్టికలో ఉన్న బంధం మీ అణువులో ఉన్న బంధమేనా? ఇంకా 255.3 తేడా మిగిలింది. ఇక్కడ అనుమానించాల్సింది C=O మీదే. 741 అన్నది కీటోన్ల వంటి వాటిలోని C=Oకు దగ్గరగా ఉండే సంఖ్య. CO₂లో కార్బన్ రెండు ఆక్సిజన్ల మధ్య సరళరేఖలో ఉంటుంది, π ఎలక్ట్రాన్లు మూడు పరమాణువుల మీదా పరుచుకుంటాయి, బంధం గట్టిపడుతుంది. బంధ దూరంలోనూ ఇది కనిపిస్తుంది: కీటోన్‌లో C=O సుమారు 122 పికోమీటర్లు, CO₂లో 116.

CO₂కి సరైన విలువను మీరే రాబట్టవచ్చు. వాయు పరమాణువుల ఫార్మేషన్ ఎంథాల్పీలు కార్బన్‌కు 716.7, ఆక్సిజన్‌కు 249.2, హైడ్రోజన్‌కు 218.0. CO₂ను పూర్తిగా పరమాణువులుగా విడగొట్టడానికి:

716.7 + 2(249.2) − (−393.5) = 1608.6

రెండు బంధాలకు పంచితే ఒక్కోటి 804. కొన్ని పుస్తకాల్లో C=O పక్కన "CO₂లో" అని విడిగా ఇచ్చే సంఖ్య ఇదే, ఒకటి రెండు పుస్తకాల్లో 799 అని ఉంటుంది. 741 బదులు 804 పెడితే నాలుగు బంధాలకు 4×63 = 252 మారుతుంది:

ΔH = 4726 − (4×804 + 2784) = 4726 − 6000 = −1274

వాయువుల అసలు విలువ −1277.3 కదా, ఇంకా 3.3 మాత్రమే మిగిలింది.

మొత్తం మీద 344.7 ఇలా విడిపోయింది: స్థితి మార్పుకు 89.4, తప్పు C=O విలువకు 252, మిగిలిన 3.3 సరాసరిది. దహన చర్య ఏది ఇచ్చినా C=O విలువను ముందుగా చూసుకోమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఎక్కువ CO₂ వచ్చే ఇంధనమైతే ఈ తప్పు ఇంకా పెరుగుతుంది, ఒక్కో CO₂కు 126 చొప్పున. పరీక్ష ప్రశ్నలోనే 741 ఇచ్చి వాడమంటే అదే వాడండి, మార్కులు దానికే. కానీ వచ్చిన జవాబును నిజం విలువగా నమ్మకండి.

6. ఇప్పుడు సరాసరి సంగతి

మూడో ప్రశ్న ఇది: మిగిలిన 3.3 అంత చిన్నగా ఎందుకుంది? సరాసరి విలువలు అంత బాగున్నాయనా? పూర్తిగా అలా కాదు.

నీటి అణువులో మొదటి O–H తెంచడానికి సుమారు 497 కావాలి. మిగిలిన OHలో రెండోదాన్ని తెంచడానికి సుమారు 430. రెండూ కలిపితే 927, సగం 463.5. పట్టికలో 464 ఉంది కానీ అంత వేడితో తెగే బంధం నీటిలో ఒక్కటీ లేదు. CO₂లో ఈ తేడా ఇంకా పెద్దది. మొదటి ఆక్సిజన్‌ను విడదీయడానికి 532, మిగిలిన COను విడదీయడానికి 1076. వీటి సగటు 804. మీథేన్‌లో నాలుగు C–Hలు ఒకదాని తర్వాత ఒకటి తెగితే సుమారు 439, 462, 424, 338 అవుతాయి.

అయినా నీరు మొత్తంగా ఏర్పడే లెక్కలో ఇది ఇబ్బంది పెట్టదు. రెండు O–Hలూ ఏర్పడుతున్నాయి కాబట్టి మొత్తం 927 వచ్చిందా లేదా అన్నదే ముఖ్యం, వరుసలో ఏది ఎంత అన్నది కాదు. అసలు ఇబ్బంది వేరు: నీటిలోని O–Hకూ ఇథనాల్‌లోని O–Hకూ ఒకే 464 వాడుతున్నాం. మీథేన్‌లోని C–Hకూ, ఇథనాల్‌లో ఆక్సిజన్ పక్క కార్బన్ మీదున్న C–Hకూ ఒకే 414 వాడుతున్నాం. పొరుగున ఏ పరమాణువు ఉందో పట్టికకు తెలియదు.

ఈ తప్పు ఎంతో ఒక్కో అణువుకూ విడిగా చూడవచ్చు. ఇథనాల్ ఆవిరిని పరమాణువులుగా విడగొట్టడానికి ఫార్మేషన్ విలువల ప్రకారం:

2(716.7) + 6(218.0) + 249.2 + 235.1 = 3225.7

పట్టిక బంధాలు కూడితే 3232. అంటే 6.3 ఎక్కువ చెప్పింది. ఇదే పని నీటికి చేస్తే అణువుకు 1.0 ఎక్కువ, CO₂కి 0.6 తక్కువ, O₂కి 0.4 తక్కువ వస్తుంది. ఎడమవైపు 6.3 − 1.2 = 5.1 ఎక్కువ, కుడివైపు 3.0 − 1.2 = 1.8 ఎక్కువ. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే 3.3. రెండు వైపులా ఉన్న తప్పులు ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకున్నాయి. ఇంకో చర్యలో అలా జరగాలని ఏమీ లేదు.

తప్పు ఎంత వస్తుందన్నది జవాబు పరిమాణాన్ని బట్టి కాదు, కూడిన బంధాల మొత్తాన్ని బట్టి ఉంటుంది. వేలల్లో కూడి వేలల్లో తీసివేస్తున్నాం. మిగిలేది 1277 అయితే 3 పోయినా, 10 పోయినా పట్టింపు లేదు. మిగిలేది 8 అయితే?

గ్యాస్ సిలిండర్‌లో ఉండే బ్యూటేన్, ఐసోబ్యూటేన్‌లను చూడండి. రెండింటిలోనూ C–H పది, C–C మూడు. ఒకటి ఇంకొకటిగా మారే చర్యకు బంధాల పద్ధతి కచ్చితంగా సున్నా చెబుతుంది, ఎవరి పట్టిక వాడినా సరే. ఫార్మేషన్ విలువలు −125.6, −134.2. అసలు జవాబు −8.6. ఇక్కడ పద్ధతి తక్కువ కచ్చితత్వంతో చెప్పడం కాదు, ఆ ప్రశ్నకు దాని దగ్గర జవాబే లేదు. ఐసోమర్ల ప్రశ్న వచ్చినప్పుడు రెండు వైపులా బంధాల జాబితా ఒకటే అయితే అక్కడితో ఆగి ఫార్మేషన్ పట్టిక తీయండి.

బెంజీన్‌లో దీనికి వ్యతిరేకం. మూడు C–C, మూడు C=C (611), ఆరు C–H అని గీసి కూడితే 5358. నిజంగా విడగొట్టడానికి కావాల్సింది 5525. పట్టిక 167 తక్కువ చెప్పింది, ఎందుకంటే మనం గీసిన బొమ్మ అసలు అణువు కాదు. ఒంటరి, జంట బంధాలు వంతులవారీగా ఉండే ఆ బొమ్మ కంటే బెంజీన్ చాలా స్థిరంగా ఉంటుంది. బెంజీన్ మండే చర్యకు CO₂ విలువ సరిగ్గా 804 వాడినా ఈ 167 తప్పు జవాబులోకి వచ్చేస్తుంది. పైన సరాసరి వాటా 3.3 అని చూశాక దాన్ని మరీ తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

7. ఎప్పుడు ఏ దారి

పదార్థాలన్నిటి ఫార్మేషన్ విలువలు దొరికితే వాటితోనే లెక్క వేయండి, బంధాల లెక్కను సరిచూసుకోవడానికి ఉంచుకోండి. రెండింటికీ వందల్లో తేడా వస్తే ముందు స్థితి గుర్తులు, తర్వాత C=O, ఆ తర్వాత బంధాల సంఖ్య చూడండి, ఎక్కువసార్లు తప్పు ఈ మూడింట్లోనే దొరుకుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉండి, ఇంకా పదుల్లో తేడా మిగిలితే అప్పుడు "సరాసరి విలువలు కాబట్టి" అని రాయండి. అణువులో అనునాదమో, ఇరుకైన వలయమో ఉందేమో కూడా చూడండి.

ఒక లెక్కలో రెండు పట్టికలు కలపకండి. కొన్ని పట్టికలు 298 K దగ్గర ఎంథాల్పీలు ఇస్తాయి, కొన్ని 0 K దగ్గర శక్తులు ఇస్తాయి. H–Hకు ఒకచోట 436, ఇంకోచోట 432 కనిపించేది అందుకే. కాలేజీ పుస్తకం, బావ పుస్తకం రెండూ ముందుంటే ఒకటే ఎంచుకుని చివరిదాకా దాంతోనే వెళ్లండి.

ఫార్మేషన్ విలువ ఎవరూ కొలవని అణువైతే బంధాల దారి తప్ప వేరే దగ్గరి దారి ఉండదు. అప్పుడు జవాబును −1274 అని కాకుండా "సుమారు −1270" అని రాయడం మర్యాద.

ఇక బంధాల పట్టిక అసలు తెరవకూడని చర్యలూ ఉన్నాయి. సున్నపురాయిని బట్టీలో కాల్చడం అలాంటిదే:

CaCO₃(s) → CaO(s) + CO₂(g)

CaCO₃, CaO రెండూ అయాన్ల జాలకాలు, విడివిడి వాయు అణువులు కావు. Ca–O అని ఒక గీత గీసి దానికి సంఖ్య వెతకడం వల్ల ఉపయోగం లేదు. ఫార్మేషన్ విలువలు −1206.9, −635.1, −393.5 తీసుకుంటే రెండు వరుసల్లో అయిపోతుంది: ΔH = −635.1 − 393.5 + 1206.9 = +178.3.